తరిగొండ వెంగమాంబ బుర్రకథ: వంతల మాటలు ముందు రాయండి

ప్రశ్న: "మా ఊరి నరసింహస్వామి తిరునాళ్లలో చెప్పడానికి తరిగొండ వెంగమాంబ జీవితాన్ని గంటసేపు నడిచే బుర్రకథగా రాయాలనుకుంటున్నాను. కథ చెప్పేది మా ఊరి అక్క, వంతలు ఇద్దరు మగవాళ్లు. పద్యం, ద్విపద రాయడం కొంత అలవాటు ఉంది. కానీ యుద్ధం, వీరుడు లేని కథలో వంతలకు ఏమి పని కల్పించాలో తెలియడం లేదు. పుట్టుక దగ్గర మొదలుపెట్టి ముప్పై పాదాలు రాసేసరికి అంతా స్తోత్రంలా తయారైంది. ఎట్లా రాయాలి?"

సమాధానం:

రాసిన ముప్పై పాదాలను పక్కన పెట్టి, వంతలిద్దరి మాటలు ముందు రాయండి. కథకురాలి పాట ఆ తరువాత రాయండి. జీవితం మొత్తాన్ని వరుసగా చెప్పకుండా, ఒకే విషయం చుట్టూ తిరిగే మూడు ఘట్టాలు తీసుకోండి. వెంగమాంబ కథలో ఆ విషయం ఆమె తల వెంట్రుకలు. నేను తిరుపతి చుట్టుపక్కల దళాలకు కథలు రాసి ఇస్తూ ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. నా మొదటి వెంగమాంబ కథ కూడా మీదానిలాగే స్తోత్రంగా మారి, సగం కథకే జనం లేచి తినుబండారాల అంగళ్ల వైపు వెళ్లిపోయారు.

స్తోత్రంగా మారడానికి కారణం మీ భాష కాదు. వీరగాథలో శత్రువు ఎదురుగా ఉంటాడు కాబట్టి వంత "సై" అన్నప్పుడల్లా అది ఎవరి మీదికో దూకినట్టు ఉంటుంది. భక్తురాలి కథలో వంతలు కూడా కథకురాలితో కలిసి పొగడడం మొదలుపెడితే ముగ్గురూ ఒకే వైపు నిలబడినట్టవుతుంది. అప్పుడు వేదిక మీద వాదించేవారు, అనుమానించేవారు ఎవరూ మిగలరు. అందుచేత వంతలను భక్తులుగా కాక ఊరుగా రాయాలి. ఆనాటి తరిగొండ ఊరు ఆమెను ఎట్లా చూసిందో, ఎడమ వంత అట్లాగే చూడాలి. వాడు వెటకారం చేస్తాడు, "మొగుడు పోయిన పిల్లకు ఇదేం చోద్యం" అంటాడు, పెద్దల పక్షం మాట్లాడతాడు. కుడి వంత ఈనాటి మనిషిగా నిలబడి ప్రశ్నిస్తాడు. హాస్యం ఎడమవైపు వంతది, లోకం సంగతులు కుడివైపు వంతవి అనే పాత ఏర్పాటు మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏర్పాటునే ఇక్కడ ఊరి గొంతు, ఈనాటి గొంతు అని మార్చి వాడుకుంటున్నాము.

ఇక వెంట్రుకల సంగతి. వెంగమాంబ 1730లో వాయల్పాడు దాపున ఉన్న తరిగొండలో పుట్టి, 1817లో తిరుమలలో దేహం చాలించింది. చిన్ననాటనే పెళ్లి చేశారు, చిన్ననాటనే భర్త పోయాడు. శిరోముండనం చేయించుకోమని పెద్దలు పట్టుబట్టగా ఆమె ఒప్పుకోలేదని, ఒక పీఠాధిపతి ముందు నిలబెట్టినా జంకలేదని జనంలో కథ ఉంది. తరువాత తరిగొండ నరసింహస్వామి గుడిలో ఆంజనేయుని విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేస్తుంటే, పూజారి చూసి జుట్టు పట్టి బయటికి ఈడ్చాడని మరొక కథ ఉంది. ఆ మీదట ఆమె చేరుకున్నది తిరుమల. వచ్చిన ప్రతివాడూ తనంతట తాను తలనీలాలు సమర్పించుకునే కొండకు, వెంట్రుక ఇవ్వనన్న మనిషి నడిచి వస్తున్నది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే కథ దానంతట అదే ముడిపడుతుంది. పుట్టుక, తల్లిదండ్రులు, మదనపల్లెలోని గురువు సుబ్రహ్మణ్య దేశికుల వద్ద ఉపదేశం వంటివన్నీ రెండు మూడు వాక్యాల వచనంలో దాటిపోవచ్చు.

వంతల మాటలు ముందు రాయమన్నాను కదా, మొదటి ఘట్టానికి నేను రాసుకున్నవి ఇవి. మా ప్రాంతపు మాటలోనే రాశాను, మీరూ అట్లాగే రాయండి. కథకురాలి వచనం ఎంత శిష్టంగా ఉన్నా వంతల మాట మాత్రం ఎదురుగా చాప మీద కూర్చున్నవారి మాట కావాలి.

*ఎడమ వంత:* ఏమక్కా, మనమంతా మొక్కుకొని కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వస్తామే, ఈయమ్మ వెంట్రుక ఇయ్యనంటే ఎట్లా? సామికి కోపం రాదా?

*కథకురాలు:* తమ్ముడూ, నువ్వు గుండు కొట్టించుకునేటప్పుడు నిన్ను ఎవరన్నా కట్టేసి కూర్చోబెట్టినారా?

*ఎడమ వంత:* లేదక్కా, నేనే కల్యాణకట్టకు పోయి టోకెన్ తీసుకొని కూర్చున్నా.

*కుడి వంత:* అదీ సంగతి. మొక్కుకొని ఇచ్చేది వేరు, మెడ వంచి తీసేది వేరు.

ఈ నాలుగు మాటలు సిద్ధమైన తరువాత కథకురాలు ఏమి పాడాలో నాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఎడమ వంత అడిగిన ప్రశ్నకు వెంగమాంబ గొంతుతో జవాబు చెప్పాలి. దానికి నాలుగు మాత్రల నడక వాడాను:

తలపై కురులివి దైవము ఇచ్చెను
తొలగించేందుకు మీరెవరయ్యా

పాదానికి నాలుగేసి మాత్రల గణాలు నాలుగు, మొత్తం పదహారు మాత్రలు. "తలపై, కురులివి, దైవము, ఇచ్చెను" అని వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. రెండో పాదం "మీరెవరయ్యా" అని ముగియడం వల్ల వంతలు ఆ ఒక్క మాటనే అందుకుని "మీరెవరయ్యా, మీరెవరయ్యా" అని రెండుసార్లు జనం మీదికి విసరగలుగుతారు. కథకురాలికి ఆ వ్యవధిలో ఊపిరి దొరుకుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఆమె భుజాన తంబుర ఉంటుంది, ఒక చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. అడుగు వేస్తూ గంటసేపు పాడాలి. వంత అందుకోవడానికి తగిన మాట పాదం చివర లేకపోతే ఆమెకు ఊపిరి తీసుకునే చోటే ఉండదు. ఆ చివరి మాట పేరైనా కావాలి, క్రియైనా కావాలి, సూటి ప్రశ్నైనా కావాలి. నేను ఒకసారి యతి కోసం తంటాలు పడి పాదాన్ని "అందువలన" అని ముగించాను. వంతలిద్దరూ డక్కీలు వాయిస్తూ అమాయకంగా "అందువలనా, అందువలనా" అని ఎత్తుకున్నారు. అది ఏడవవలసిన ఘట్టం, జనమంతా నవ్వారు.

రెండో ఘట్టాన్ని కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే పద్యం రాయగలవారు తప్పుచేసేది ఇక్కడే. గుడిలో ధ్యానం, పూజారి ఈడ్వడం. నేను మొదట రాసిన పాదం ఇది:

నిరుపమాన భక్తియోగ నిష్ఠయందు నిలచియుండె

మూడేసి మాత్రల గణాలు ఎనిమిది, తురగవల్గన రగడ. "ని"కి "ని" యతి కుదిరింది, లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు. సాధన రోజున కథకురాలు దీన్ని పాడి, ఆగి, "అన్నా, ఇప్పుడు ఆమె ఎక్కడ కూర్చున్నట్టు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాదంలో గుడి లేదు, హనుమంతుడు లేడు, మనిషి లేదు. వంతలు అందుకోవడానికి "నిలచియుండె" తప్ప ఏమీ లేదు. దాన్ని కొట్టివేసి ఇట్లా మార్చాను:

గుడిలొ మూల హనుమ వెనుక కూరుచుంది వెంగమాంబ
జడను బట్టి ఈడ్చినాడు జాలి లేని పూజరయ్య

అదే రగడ, అవే ఇరవై నాలుగు మాత్రలు. రెండో అక్షరం "డ" ప్రాస, "గు"కు "కూ", "జ"కు "జా" యతి. "గుడిలో" అన్నదాన్ని "గుడిలొ" అని, "పూజారి"ని "పూజరి" అని కుదించడం పాటకు చెల్లుతుంది, చదివే పద్యానికి చెల్లదు. ఆ భయం పెట్టుకోకండి. మొదటి పాదం చివర వంతలు "వెంగమాంబా, వెంగమాంబా" అని మెల్లగా అందుకుంటారు, "తందాన తాన" కూడా పలకవచ్చు. రెండో పాదానికి మాత్రం నేను ప్రతిలో స్పష్టంగా రాశాను: ఇక్కడ వంత లేదు, డక్కీ ఒక్క దెబ్బ, తరువాత నిశ్శబ్దం. ఆడమనిషిని జుట్టు పట్టి ఈడ్చిన పాదం మీద అలవాటు కొద్దీ వంత "సై" అంటే ఆ దెబ్బను మెచ్చుకున్నట్టు వినిపిస్తుంది. వంతలు తప్పు చేయరు, రాసినవాడు చెప్పకపోతే అలవాటు ప్రకారం పోతారు. అందుకని ప్రతి పాదం పక్కన వంత ఏమి పలకాలో, ఎక్కడ పలకకూడదో రాసి ఇవ్వడం మన పని.

ఆ నిశ్శబ్దం తరువాత మొదట మాట్లాడవలసింది ఎడమ వంత. అప్పటిదాకా పెద్దల పక్షాన వెటకారం చేసినవాడు ఇక్కడ మాట మార్చాలి. పెద్ద సంభాషణ వద్దు. "అక్కా, నేను నవ్వినాను గదా ఇందాక" అన్న ఒక్క మాట చాలు. ఊరు మనసు మార్చుకున్నదని కథకురాలు పది పాదాలలో పాడినా రాని మార్పు ఈ ఒక్క మాటతో వస్తుంది, ఎందుకంటే జనం ఇందాక వాడితో కలిసి నవ్వారు. వాడు అంతకుముందు నిజంగా నవ్వించకపోతే ఈ మాట పండదు కాబట్టి మొదటి ఘట్టంలో హాస్యానికి పిసినారితనం చేయకండి.

హాస్యం గురించి ఒక జాగ్రత్త. నవ్వు ఆచారం మీద ఉండాలి, అర్చకుల మీద ఉండకూడదు. ఒక తిరునాళ్లలో నేను పూజారి పాత్రకు ఆ గుడి అర్చకుల యాసను పోలిన మాటలు రాసి ఇచ్చాను. వంత దానికి నడక కూడా జోడించాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన లేచి వెళ్లిపోయాడు, కమిటీవారు మైకు ఆపించారు, కథ రెండో ఘట్టంలోనే ఆగిపోయింది. తప్పు నాదే. మీరు చెప్పబోయేది నరసింహస్వామి గుడి ముందే కాబట్టి పూజారి చేత అసలు మాట్లాడించకండి. అతడు చేసిన పని కథకురాలి పాటలో ఉంటే చాలు, వంతల నోట వద్దు. నవ్వు కావాలంటే తరిగొండ పేరు దగ్గరే బోలెడంత ఉంది. మజ్జిగ చిలికే తరికుండలో స్వామి దొరికాడని, అందువల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. "అక్కా, మా ఇంట్లో రోజూ చిలుకుతారు, వెన్న కూడా దొరకదు" అని ఎడమ వంత చేత అనిపించండి, మీ ఊరి ఆడవాళ్లు మిగతాది చూసుకుంటారు.

మహిమల విషయంలో కూడా వంతలు ఉపయోగపడతారు. పీఠాధిపతి కూర్చున్న ఆసనానికి ఆమె నమస్కరించగానే అది అంటుకుని మండిందని, తిరుమలలో ఆమె ఇంటి ముందు రథం ఆగిపోయి, ఆమె హారతి ఇచ్చిన తరువాతే కదిలిందని చెప్పుకుంటారు. వీటిని చరిత్రగా చెప్పాలా వద్దా అని నేను చాలాకాలం సతమతమయ్యాను. ఇప్పుడు చేసేది ఇది: కథకురాలు మహిమను పూర్తి నమ్మకంతో పాడుతుంది, కుడి వంత "నిజంగానా అక్కా?" అని అడుగుతాడు, ఆమె "మా అవ్వ నాకు చెప్పింది, నేను నీకు చెబుతున్నా" అంటుంది. నమ్మేవారికి లోటు లేదు, అడిగేవారికీ గౌరవం దక్కింది. అయితే గంట కథలో ఇట్లాంటిది ఒక్కటే ఉండాలి. రెండోసారి అదే ప్రశ్న అడిగితే కథకురాలిని ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది. నేను ఆసనం కథను వదిలి రథాన్ని ఉంచుకున్నాను, ఎందుకంటే మొదటి ఘట్టంలో ఆమె మాటతోనే గెలవాలి. మంటతో గెలిస్తే "మీరెవరయ్యా" అన్న ప్రశ్నకు బలం పోతుంది.

మూడో ఘట్టానికి నడక మార్చండి. మూడు, నాలుగు మాత్రలు జోడుగా వచ్చే మిశ్రగతి కొండ ఎక్కే అడుగుకు బాగా సరిపోతుంది:

ఏడుకొండల నడక దారిని ఎక్కుతున్నది వెంగమాంబా

"ఏడు, కొండల, నడక, దారిని" అని మూడూ నాలుగూ మార్చి మార్చి పడతాయి. ఇది వృషభగతి రగడ నడక. చివరి "మాంబా" దీర్ఘం నాలుగో మాత్ర కోసం. దీన్ని తొందరగా పాడితే రెండో ఘట్టంలాగే వినిపిస్తుంది కాబట్టి డక్కీని సగం వేగానికి తగ్గించమని రాయండి. ఇక్కడే వెంట్రుకల ముడి విప్పాలి. దారిలో గుండ్లతో దిగివస్తున్న యాత్రికులు, జడతో ఎక్కుతున్న ఆమె ఎదురెదురుగా వస్తారు. వారు ఆమెను ఏమీ అనరు, ఆమె వారిని ఏమీ అనదు. అంతే రాయండి, వ్యాఖ్యానం వద్దు. మొదటి ఘట్టంలో వంతలు చెప్పిన మాట జనానికి దానంతట అదే గుర్తుకు వస్తుంది.

ఆమె రచనల ప్రస్తావన కూడా ఈ ఘట్టంలోనే రావాలి, కానీ జాబితాగా కాదు. తనకు ఓనమాలైనా ఎవరూ నేర్పలేదని ఆమె తన రచనలోనే చెప్పుకుంది. అటువంటి మనిషి భాగవతాన్ని ద్విపదగా రాసింది, వేంకటాచల మాహాత్మ్యం రాసింది, యక్షగానాలు రాసింది. మీకు ద్విపద అలవాటు ఉందన్నారు కాబట్టి, కథ మొత్తంలో ద్విపదను ఇక్కడ ఒక్కచోటనే వాడండి. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం గల పాదాలు ఒక నాలుగైదు, తాళం లేకుండా, తంబుర శ్రుతి మీద కథకురాలు ఒక్కతే చదవాలి. రగడల పరుగు మధ్య ఆ నిలకడ వినగానే ఇది ఆమె స్వంత గొంతు అని తెలుస్తుంది. ద్విపదను కథంతా వాడితే ఈ తేడా దక్కదు, పైగా వంతలకు అందుకునే చోటూ తక్కువే.

నిడివి లెక్క అడగలేదు కానీ చెప్పడం మంచిది. తురగవల్గన పాదం ఒకటి వంతతో కలిపి దాదాపు పది సెకన్లు పడుతుంది. గంట కథలో పాట ఇరవై ఐదు నిమిషాలకు మించకూడదని నా అనుభవం, అంటే నూట యాభై పాదాలు. వచనం పావుగంట, వంతల మాటలు పావుగంట, మిగిలింది వాద్యానికి, అడుగులకు పోతుంది. వచనంలో ప్రతి రెండు వాక్యాలకు ఒకసారి వంత "ఆఁ" అనడానికి తావివ్వండి. మూడు వాక్యాలు వరుసగా ఊకొట్టు లేకుండా పోతే అది ఉపన్యాసంలా వినిపిస్తుంది.

ముగింపుకు మంగళం కొత్తగా కట్టనవసరం లేదు. తిరుమలలో ఏకాంతసేవ వేళ తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అనే మాట మన జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. ఆ ముత్యాల హారతిని వంతల చేత వచనంగా చెప్పించి, కథకురాలు అందెలు తీసి పక్కన పెట్టాలి. వీలైతే మీ గుడి అర్చకులతో ముందుగానే మాట్లాడుకుని, స్వామికి అసలు హారతి ఆ క్షణంలోనే ఇచ్చేటట్టు చూడండి. రెండో ఘట్టంలో పూజారి పని పాడిన దళం చివరకు అర్చకుల చేతి హారతి కళ్లకద్దుకోవడం చూసి, మొహం చిట్లించుకుని కూర్చున్నవారు కూడా మెత్తబడడం నేను రెండుచోట్ల చూశాను.

తిరునాళ్లలో ముందు కార్యక్రమం ఆలస్యమై మీకు గంటకు బదులు అరగంటే ఇచ్చే అవకాశం ఎక్కువ. దానికి ఇప్పుడే సిద్ధపడి ప్రతిలో గుర్తు పెట్టుకోండి. నేనైతే రథం కథను, తరికుండ హాస్యాన్ని, ద్విపదలో రెండు పాదాలను తీసేస్తాను. కల్యాణకట్ట సంభాషణను, డక్కీ ఒక్క దెబ్బను, "నేను నవ్వినాను గదా ఇందాక" అన్న మాటను మాత్రం ఎంత తొందరపెట్టినా తీయను.